చిందీ సంచుల రాజమణి

ఎవరైనా రాజమణికి మేలు చేస్తామంటే ఆమెకు ముందు అనుమానమే కలిగేది. ఆ గుణం పుట్టుకతో వచ్చింది కాదు. వాళ్ళ బాపు నర్సింగం ఇరవై ఏళ్ళకు పైగా మహారాష్ట్రలోని భివండీలో సాంచాలు, అంటే మరమగ్గాలు, నడిపాడు. దూది దుమ్ము ఊపిరితిత్తుల్లోకి చేరి దగ్గు పట్టుకున్నాక, సేటు అతణ్ణి "ఆరాం చెయ్" అని ఇంటికి పంపాడు. మళ్ళీ పిలవలేదు. ఆ 'ఆరాం' అంటే అర్థమేమిటో ఇంట్లో అందరికంటే ముందు తెలుసుకున్నది రాజమణి. అప్పటికి తెలుగు బడిలో ఏడో తరగతి చదువుతోంది. పరీక్షలు రాయకుండానే బడి మానేసి, భివండీలోనే కనేరి పేటలో ఒక కార్ఖానాలో కండెలు చుట్టే మిషను దగ్గర నిలబడింది.

పనిలో ఆమెకు వంక పెట్టినవాళ్ళు లేరు. అందరికంటే ముందు వచ్చేది. దారం తెగితే తిట్టుకోకుండా ముడివేసేది. కరెంటు పోయిన గంటల్లో తక్కిన ఆడవాళ్ళు గోడకు ఒరిగి కునుకు తీస్తుంటే, ఆమె కింద పడిన దారపు ముక్కలను రంగుల వారీగా ఏరి పక్కన పెట్టేది. ఎవరూ చెప్పకుండానే చేసేది. "గది నీ పని కాదు కదా పిల్లా" అని మేస్త్రి నవ్వితే, "చేతులు ఊకుంటె నాకు నిద్రొస్తది" అనేది.

ఆమెకు ఇరవై నిండేసరికి బట్టల బజారు పడిపోయింది. రాజమణి పనిచేసే కార్ఖానా యజమాని సాంచాలన్నిటినీ పాత ఇనుము కింద అమ్మేసి, ఆ జాగాను గోదాముకు కిరాయికిచ్చాడు. ఇనుప ముక్కలైన సాంచాలను లారీకి ఎత్తుతుంటే ఆడవాళ్ళంతా రోడ్డు మీద నిలబడి చూశారు. ఇంటికొచ్చి చూస్తే తల్లి ఓదెమ్మ బీడీలు చుడుతోంది. తమ్ముడు అంకుశం తొమ్మిదో తరగతి పుస్తకం ముందు పెట్టుకుని కూర్చున్నాడు. బీడీల మీద నలుగురు బతకలేరని రాజమణికి తెలుసు.

"ఇంకో కార్ఖానా చూసుకోరాదు?" అంది ఓదెమ్మ.

"అవ్వా, గిప్పుడు ఏ కార్ఖానా చూసినా తలుపు మూసుడే ఉన్నది. సొంతంగ ఏదన్న చెయ్యాలె."

"డిగ్రీ లేదు, పైస లేదు. సొంతంగ ఏం జేస్తవ్?"

ఆ ప్రశ్నకు బదులు చెప్పడానికి వాడంతా తయారైంది. పక్కింటి సుశీలాబాయి మరాఠీ మనిషి, మంచిది. మసాలా పొట్లాలు కట్టి అమ్ముకోమంది. అడిగితే వీధిలో అప్పటికే ఏడెనిమిది మంది ఆడవాళ్ళు అదే చేస్తున్నారనీ, అందులో సుశీలాబాయి చెల్లెలు కూడా ఒకతె అనీ తేలింది. బాపు స్నేహితుడొకాయన చాయ్ బండి పెట్టమన్నాడు. బండి తనదే ఉందనీ, అమ్ముతాననీ రెండో మాటలోనే బయటపెట్టాడు. రాజమణి ఎవరితోనూ జగడం పెట్టుకోలేదు. విని తలూపి ఇంటికొచ్చేసేది. చెప్పిన ప్రతి సలహా వెనుక చెప్పినవాళ్ళకు ఏదో ఒక లాభం ఉందని ఆమెకు అర్థమవుతూ వచ్చింది. అందులో తప్పు లేదనుకుంది కానీ, మోసపోయేది మాత్రం తాను కాకూడదనుకుంది.

అప్పుడే మేనమామ సిద్ధిరాములు వచ్చాడు. ఓదెమ్మ తమ్ముడు. కోదండరామయ్య సేటు కార్ఖానాలో సాంచాలు బాగుచేసే మేస్త్రి. ఆ రోజు ఇస్త్రీ చొక్కా వేసుకుని, జేబులో పెన్ను పెట్టుకుని వచ్చాడు.

"మణీ, నీ తఖ్దీరు మారుతది. రేపు నాతోటి మీటింగుకు రా. చదువుతోటి పనే లేదు. నీ కింద ముగ్గురు, వాళ్ళ కింద ముగ్గురు. నువ్వు ఇంట్ల కూసున్నా పైస వస్తనే ఉంటది."

మీటింగు వరాలా తలావ్ అనే చెరువు దగ్గర ఒక పెళ్ళిళ్ళ హాల్లో జరిగింది. వేదిక మీద టై కట్టుకున్నాయన కీళ్ళనొప్పులు పోగొట్టే అయస్కాంతాల పరుపు గురించి చెప్పాడు. పరుపు గురించి చెప్పింది కాసేపే. తక్కినదంతా ఎవరెవరు కార్లు కొన్నారో, ఎవరు విమానం ఎక్కారో చెప్పాడు. ప్రతి మాటకూ ముందు వరుసలోవాళ్ళు చప్పట్లు కొట్టారు. ప్రశ్నలుంటే అడగమన్నప్పుడు రాజమణి లేచి నిలబడింది.

"ఈ పరుపు, మనలో చేరనోళ్ళు ఎవరన్న దుకాణంల కొనుక్కున్నరా సార్?"

టై ఆయన నవ్వాడు. "ముందు మీరు పెద్దగా ఆలోచించడం నేర్చుకోవాలి చెల్లెమ్మా" అన్నాడు. హాలంతా చప్పట్లు. రాజమణి కూర్చోలేదు. అలాగే నిలబడి చుట్టూ చూసింది. చప్పట్లు కొట్టేవాళ్ళలో సగంమంది కనేరిలో తనతో పనిచేసినవాళ్ళూ, వాళ్ళ అన్నలూ తమ్ముళ్ళూ. వీళ్ళంతా ఇప్పటికే చేరిపోతే ఇక పరుపులు కొనడానికి మిగిలింది ఎవరని ఆలోచించింది. చెప్పులు వేసుకుని బయటికొచ్చేసింది.

మామ వెనకాలే పరుగెత్తుకొచ్చాడు. "నా ఇజ్జత్ తీసినవ్ గదనే!"

"మామా, నువ్వు పైసలు కట్టినవా?"

సిద్ధిరాములు చెరువు వైపు తిరిగి, జేబులో పెన్ను సర్దుకున్నాడు. అతను కట్టాడని ఆమెకు అప్పుడే తెలిసింది. అంత డబ్బు ఎక్కణ్ణుంచి తెచ్చాడన్న అనుమానం కూడా ఆ రోజే మనసులో పడింది.

*

తమ్ముడి సైకిలు బాగుచేయించడానికి అంజూర్ ఫాటా కూడలి వైపు వెళ్ళినప్పుడు రాజమణికి దారి దొరికింది. అక్కడ గోదాముల ముందు లారీలు బారులు తీరి ఉంటాయి. వాటి పక్కన రిపేరు గ్యారేజీలు. దత్తు అనే మెకానిక్ డీజిలు పంపు విప్పి, చేతులు తుడుచుకుంటూ గట్టిగా తిట్టుకుంటున్నాడు. చేతిలో కార్ఖానాల నుంచి వచ్చే చిక్కుదారపు ఉండ ఉంది.

"ఏమైంది భాయ్?" అని హిందీలో అడిగింది.

"ఈ వేస్ట్‌తో తుడిస్తే దూది పోగులు లోపల అంటుకుంటాయి. తర్వాత నాజిల్ జామ్. బట్టముక్కలు కొందామంటే సగం పాలిస్టర్ పంపుతారు. నూనె పీల్చదు, ఇటు నుంచి అటు రుద్దుతుంది, అంతే."

రాజమణి సైకిలు సంగతి మరిచిపోయింది. ఆ సాయంత్రం వరుసగా ఉన్న గ్యారేజీలన్నీ తిరిగింది. లేతు మిషన్ల షెడ్డులోకీ, ప్రింటింగు ప్రెస్సులోకీ కూడా వెళ్ళింది. ఒకటే అడిగింది: చేతులు, మిషన్లు దేనితో తుడుస్తారు, దానితో ఇబ్బంది ఏంటి? కొందరు పిచ్చిదాన్ని చూసినట్టు చూశారు. ఒకాయన "ఎవరు పంపారు నిన్ను?" అని నిలదీశాడు. కానీ చాలామంది చెప్పారు. నూలుబట్ట కావాలి. అరచేతికి సరిపడా ముక్క కావాలి. బొత్తాలు, హుక్కులు ఉండకూడదు, ఉంటే మిషనుకు గీతలు పడతాయి. అన్నిటికంటే ముఖ్యం, ప్రతిసారీ ఒకే రకం సరుకు రావాలి.

చిందీ, అంటే కార్ఖానాల్లో మిగిలే బట్టముక్కలు, కొని ఏరి గ్యారేజీలకు అమ్ముతానని ఇంటికొచ్చి అవ్వతో చెప్పింది. ఓదెమ్మ బీడీ ఆకు కత్తిరిస్తూ ఆగిపోయింది.

"చిందీ ఏరుకుంటవా? కబాడీదాన్నని పిలిపించుకుంటవా?"

"పిలిస్తే పిలవనీ. వాళ్ళకు కావాలని వాళ్ళ నోటితోటి చెప్పిన్రు. పరుపు కావాలని ఎవ్వరు చెప్పలె."

అయినా ఆమె తన మాటను కూడా వెంటనే నమ్మలేదు. ముందు ఒక్క సంచి కొని చూసింది. తెల్లారే లేచి గుమ్మం ముందు పాత చీర పరిచి, ముక్కలన్నీ కుప్పపోసింది. అనుమానం వచ్చిన ముక్క కొసను పటకారుతో పట్టుకుని, నీళ్ళ గిన్నె పక్కన పెట్టుకుని, అగ్గిపుల్లతో అంటించి చూసేది. నూలైతే కాగితంలా కాలి బూడిదవుతుంది. పాలిస్టరైతే ముడుచుకుపోయి, నల్లపొగ లేచి, కొసన గట్టి పూసలా గడ్డకడుతుంది. కొన్నాళ్ళకు కాల్చే అవసరం తగ్గింది, నలిపి చూస్తేనే తెలిసిపోయేది. దగ్గు ఎక్కువగా లేని రోజుల్లో నర్సింగం వాకిట్లో కూర్చుని కత్తెరతో ముక్కలు కోసేవాడు. దుమ్ము లేవకుండా రాజమణి ముందు ముక్కలను బయట దులిపి తెచ్చేది.

ఏరిన మొదటి సంచిని దత్తు తూకం వేయించి తీసుకున్నాడు. రెండో సంచి అతనే అడిగాడు.

*

అసలు కష్టం అమ్మడంలో రాలేదు, కొనడంలో వచ్చింది. చిందీ కొనేవాళ్ళంటే కార్ఖానాలవాళ్ళకు పడదు. దానికి కారణం ఉంది. వేస్టు సంచుల అడుగున మంచి నూలుదారం చుట్టిన కోన్లు పెట్టి బయటికి దాటించే దొంగతనం భివండీలో పాతదే. అందుకే ఏ చిందీవాలా గేటు దగ్గరికొచ్చినా అతని చేతులకంటే ముందు సంచుల వైపు చూస్తారు.

కోదండరామయ్య సేటు ముసలాయన. తెల్ల ధోవతి కట్టుకుని, కార్ఖానా గుమ్మంలో కుర్చీ వేసుకుని, వచ్చేపోయేవాళ్ళందరినీ చూస్తూ కూర్చునేవాడు. మామ పనిచేసే చోటు కాబట్టి రాజమణి ముందు అక్కడికే వెళ్ళింది.

"నువ్వు సిద్ధిరాములు మేనకోడలివి కదా? మామ లోపల, కోడలు బయట. మంచి జోడీ" అన్నాడు సేటు, నవ్వకుండా.

మాటలోని ముల్లు ఆమెకు గుచ్చుకుంది. "సేటూ, నా మీద మీకు నమ్మకం లేదు. ఉండాలని నేను అనుడు లేదు. సంచి మీ గేటు కాడ్నే బోర్లేస్త. మీ మనిషి చూసినంకనే మళ్ళ నింపుకుంట. మీరు చూడకుంట ఒక్క సంచి దాటదు."

సేటు ఆలోచించి ఒప్పుకున్నాడు. ఆ రోజు నుంచి వారానికోసారి ఆమె వస్తే, గుమస్తా ముందు వేస్టు, బట్టముక్కలు కుప్పపోసి మళ్ళీ నింపేవారు. అలా రెండు నెలలు నడిచింది. ఇంకో మూడు కార్ఖానాలు కూడా ఆమెకు సరుకివ్వడం మొదలుపెట్టాయి. ఇంట్లో బాపు మందులు ఆగకుండా వస్తున్నాయి. అంకుశం పదో తరగతికి వెళ్ళాడు.

ఒక శనివారం గుమస్తా జ్వరంతో రాలేదు. సేటు ఏదో పెళ్ళికి వెళ్ళాడు. సిద్ధిరాములే గేటు దగ్గరికి వచ్చాడు. సంచులు అప్పటికే నింపి మూతి కుట్టి ఉన్నాయి.

"ఇప్పటికే చూసిన్రు. తీస్కపో" అన్నాడు.

"ఎవరు చూసిన్రు మామా?"

"నేను చూసిన. నా మీద కూడ అనుమానమేనా?"

చుట్టూ పనివాళ్ళున్నారు. మామను అందరి ముందు చిన్నబుచ్చలేక సంచులు తీసుకుంది. రిక్షాలో వస్తున్నంతసేపూ ఒక సంచి మీదే చేయి వేసి కూర్చుంది. అది మిగతావాటికంటే బరువుగా ఉంది. ఇంటికి రాగానే తలుపు దగ్గరగా వేసి కుట్టు విప్పింది. చిక్కుదారం కింద, కాగితంలో చుట్టిన కొత్త నూలు కోన్లు ఉన్నాయి. ఏళ్ళ తరబడి అలాంటి దారంతో కండెలు చుట్టిన చేతులు ఆమెవి. వేస్టు దారమేదో, సాంచా ఎక్కాల్సిన దారమేదో ఆమెకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

ఓదెమ్మ చూసి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. "నా తమ్ముడు గట్ల చెయ్యడు."

"మరి ఎవరు చేసిన్రు అవ్వా?"

"సేటే పెట్టిచ్చిండేమో. నిన్ను చూస్తందుకు."

అది కూడా కావచ్చు. రాజమణి ఆ కోన్ల ముందు కూర్చుని ఒక్కొక్కరినీ అనుమానించింది. మామ అప్పుల్లో ఉన్నాడు. సేటు పరీక్ష పెట్టే రకం. ఆమె రావడంతో బేరం పోయిన పాత చిందీవాలా కూడా ఒకడున్నాడు, అతనికి లోపల మనుషులున్నారు. ఎవరు చేసినా, సరుకు మాత్రం తన ఇంట్లో ఉంది. ఊరుకుంటే తాను దొంగ సరుకు దాచినట్టు. మామకు తిరిగిచ్చేస్తే రేపు మళ్ళీ ఇంకో సంచి వస్తుంది. సేటుకు చెబితే మామ బతుకుతెరువు పోతుంది.

"బాపూ, నువ్వేమంటవ్?"

నర్సింగం చాలాసేపు దగ్గి, నీళ్ళు తాగి అన్నాడు: "పేరు చెప్పకు. సరుకు ఇచ్చెయ్. పేరు నీకు తెల్వదు గద, నిజంగ తెల్వదు."

సోమవారం పొద్దున్నే రాజమణి ఆ సంచిని అలాగే తెచ్చి, సేటు కుర్చీ ముందు బోర్లించింది. కోన్లు సిమెంటు గచ్చు మీద దొర్లాయి. లోపల సాంచాల మోతలో ఎవరికీ ఏమీ వినపడకపోయినా, దగ్గర ఉన్నవాళ్ళంతా ఆగి చూశారు.

"ఇవి వేస్టుల వచ్చినయి సేటూ. మీ సరుకు మీకు తెచ్చిన."

"ఎవరు పెట్టారు?"

"నాకు తెల్వదు."

సేటు ఒక కోను తీసి తిప్పి చూశాడు. ఆమె మెచ్చుకోలు కోసం రాలేదు గానీ, ఆయన అన్న మాటకు మాత్రం సిద్ధంగా లేదు.

"ఒక సంచి తెచ్చావు. తేని సంచులు ఎన్ని?"

రాజమణికి ముందు అర్థం కాలేదు. మిగతా సంచులు దాచానంటున్నాడని తెలిశాక ఒక అడుగు ముందుకేసింది. "ఇప్పటిదాక అన్నీ మీ గుమస్తా ముందే నింపినం."

"గుమస్తా సంగతి కూడా చూస్తా" అన్నాడు ఆయన. "ఇక నుంచి నీకు సరుకు లేదు పిల్లా. నువ్వు మంచిదానివే కావచ్చు. కాకపోనూ వచ్చు. నాకు కనుక్కునే ఓపిక లేదు."

తలెత్తితే సాంచాల వరుస చివర మామ నిలబడి ఉన్నాడు. చేతిలో స్పానరు. అతని ముఖంలో భయం ఉందో, కోపం ఉందో ఆ దూరం నుంచి ఆమె పోల్చుకోలేకపోయింది.

వారం తిరక్కుండానే తక్కిన మూడు కార్ఖానాలు కూడా వద్దన్నాయి. సరుకు తిరిగి తెచ్చిన పిల్ల అని ఎవరూ చెప్పుకోలేదు, కోన్లు దొరికిన పిల్ల అని చెప్పుకున్నారు. సిద్ధిరాములు అక్క ఇంటికి రావడం మానేశాడు. ఓదెమ్మ కూతురితో మాటలు తగ్గించింది. రాజమణి మాత్రం పొద్దున్నే లేవడం మానలేదు. ఏరడానికి ముక్కలు లేకపోతే ఇల్లు కడిగింది, బీడీలు చుట్టింది. దత్తు గ్యారేజీకి వెళ్ళి సరుకు ఎందుకు రాదో ఉన్నదున్నట్టు చెప్పింది. దాచితే ఇంకొకరి నోట వింటాడని ఆమెకు తెలుసు.

దత్తు మొత్తం విని, పక్కనున్న గుడ్డముక్క తీసి చూపించాడు. బనియను ముక్క. "నాకు నీ సేటుతో పనేముంది? ఇది అన్నిటికంటే బాగా పీలుస్తుంది. దూది రాలదు. ఇలాంటివి తేగలవా?"

బనియన్లు, టీషర్టులు కుట్టే చిన్న చిన్న షెడ్లు ఊరి చివర కొత్తగా వస్తున్నాయి. రాజమణి వాటి చుట్టూ తిరిగింది. అక్కడ కత్తిరింపులో మిగిలే ముక్కలు ఎక్కడ పారేయాలో తెలియక మూలల్లో పోసి ఉంచేవారు. అక్కడ నూలు కోన్లు లేవు. దొంగిలించడానికి ఉన్నవి కుట్టిన బనియన్లే, అవి లెక్క ప్రకారం డబ్బాల్లోకి వెళ్ళిపోతాయి. ముక్కల కుప్పలో ఏదైనా దాచితే ఇట్టే కనపడుతుంది. అది చూసుకున్నాకే ఆమె బేరం మాట్లాడింది. నాలుగు షెడ్లతో ఒకేసారి మాట్లాడింది, ఒకరు కాదంటే పని ఆగకూడదని. నూలు ఒక సంచి, కలిసినది ఇంకో సంచి. ఏది ఎవరికి ఎంతకు అమ్మాలో మెల్లగా తెలిసొచ్చింది. అయిదారు నెలల్లో సుశీలాబాయినీ, ఇంకో ఇద్దరు ఆడవాళ్ళనూ ఏరే పనికి పెట్టుకుంది. దుమ్ము పని కాబట్టి అందరూ ముక్కుకు గుడ్డ కట్టుకోవాల్సిందే. కట్టుకోనివాళ్ళను వాకిట్లో కూర్చోనిచ్చేది కాదు.

పరుపుల కంపెనీ ఆ ఏడాదే హాలు ఖాళీ చేసి వెళ్ళిపోయింది. టై ఆయన ఎక్కడికి పోయాడో ఎవరికీ తెలియలేదు. ఇంకో ఏడాదికి కోదండరామయ్య సేటు కూడా సాంచాలు అమ్మేశాడు. సిద్ధిరాములు ఒక మధ్యాహ్నం వచ్చి గుమ్మం బయటే నిలబడ్డాడు. చొక్కా జేబులో పెన్ను లేదు.

"మణీ, ఏదన్న పని ఉంటదా?"

ఓదెమ్మ కూతురి ముఖంలోకి చూసింది. రాజమణి కత్తెర పక్కన పెట్టింది. అడగాలనుకున్న మాట ఇన్నాళ్ళూ నోటి దాకా వచ్చి ఆగిపోయేది. ఇప్పుడు అడిగింది.

"ఆ కోన్లు నువ్వేనా మామా?"

"నేను కాదు" అన్నాడు సిద్ధిరాములు. వెంటనే అన్నాడు. మరీ వెంటనే అన్నాడేమోనని ఆమెకు అనిపించింది. ఆలోచించి చెప్పి ఉంటే అప్పుడూ అనుమానమే వచ్చేదని కూడా అనిపించింది.

"అంజూర్ ఫాటా గ్యారేజీలకు సరుకు నువ్వు ఎయ్యాలె. పైసలు నువ్వే తేవాలె" అంది.

ఓదెమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుంది. సిద్ధిరాములు సైకిలుకు సంచులు కట్టుకున్నాడు. సాయంత్రం తిరిగొచ్చి డబ్బు అక్క చేతిలో పెట్టి, కాళ్ళు కడుక్కుని అన్నానికి కూర్చున్నాడు.

మర్నాడు రాజమణి ఏదో పని ఉందని చెప్పి అంజూర్ ఫాటా వెళ్ళింది. దత్తును పక్కకు పిలిచి, నిన్న మామకు ఎంత ఇచ్చావని అడిగింది. అతను చెప్పిన అంకె, అవ్వ చేతికి వచ్చిన అంకె ఒకటే. తిరిగి నడుస్తుంటే ఆమెకు గుండె తేలికైంది. ఆ తేలికతోనే మామకు ఇష్టమని ఫాటా దగ్గర వేడి భజియాలు కట్టించుకుంది. పై నెలలో మళ్ళీ వెళ్ళి దత్తును అదే అడిగింది.